ఏసీ బిల్లు అసలు లెక్క: 201వ యూనిట్ దగ్గర ఏం జరుగుతుంది?

ఏసీ కొన్న ఇంట్లో మొదటి వేసవి బిల్లు వచ్చినప్పుడు చాలామంది ఒకే రకంగా లెక్క వేస్తారు. ఏసీ ఎన్ని వాట్లో చూస్తారు, రోజుకు ఎన్ని గంటలు వేశారో గుర్తు చేసుకుంటారు, పాత బిల్లులో యూనిట్‌కు పడిన ధరతో గుణిస్తారు. వచ్చిన మొత్తానికీ బిల్లులో పెరిగిన మొత్తానికీ పొంతన కుదరదు. మీటర్ పరుగెడుతోందని అనుమానం మొదలవుతుంది.

చాలా ఇళ్లలో మీటర్ తప్పేమీ ఉండదు. లెక్కలోనే రెండు చోట్ల తేడా వస్తుంది. ఏసీ మీద రాసి ఉన్న వాట్లు అది గంటగంటకూ తాగే కరెంటు కాదు, కాబట్టి యూనిట్లు ఎక్కువగా కనిపిస్తాయి. పాత బిల్లులోని యూనిట్ ధర ఏసీ యూనిట్లకు వర్తించదు, కాబట్టి ధర తక్కువగా కనిపిస్తుంది. ఒక్కోసారి ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిజానికి దగ్గరగా ఉన్న అంకె వస్తుంది. అయినా ఆ లెక్క పనికిరాదు. రోజుకు ఒక గంట తగ్గిస్తే ఎంత మిగులుతుందని అడిగితే అది సరైన జవాబు చెప్పలేదు. ఆ జవాబు కావాలంటే రెండు చిక్కుముడులనూ విడివిడిగా విప్పుకోవాలి.

ముందు యూనిట్లు: హీటర్ లెక్క తేలిక

వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. వాట్లను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఈ సూత్రం గది హీటర్‌కు ఉన్నదున్నట్టుగా సరిపోతుంది. హీటర్ లోపల ఉండేది కాలే తీగ. 2000 వాట్ల మీట నొక్కితే నొక్కినంతసేపూ 2000 వాట్లే లాగుతుంది. రోజుకు రెండు గంటలు వేస్తే 4 యూనిట్లు, నెలకు 120. గది వేడెక్కగానే తనంతట తాను ఆగే థర్మోస్టాట్ ఉంటే కొంత తగ్గుతుంది. అది లేకపోతే లెక్కలో ఊహకు చోటు లేదు.

ఏసీ సంగతి వేరు. ముందుగా టన్ను అనేది కరెంటు కొలత కాదు. గదిలోంచి గంటకు ఎంత వేడిని బయటకు తోడి పోయగలదో చెప్పే కొలత. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 5,200 వాట్ల వేడిని బయటకు పంపుతుంది. అది కొత్తగా చల్లదనాన్ని తయారు చేయదు, ఉన్న వేడిని లోపలి నుంచి బయటకు తరలిస్తుంది. అందుకే ఆ పనికి కావలసిన కరెంటు అందులో మూడో వంతో, అంతకంటే తక్కువో ఉంటుంది. పూర్తి వేగంతో నడిచేటప్పుడు చాలా ఒకటిన్నర టన్నుల ఏసీలు 1500 వాట్ల చుట్టుపక్కల లాగుతాయి.

ఆ పూర్తి వేగం మాత్రం రాత్రంతా ఉండదు. ఇన్వర్టర్ ఏసీలో గది చల్లబడేకొద్దీ కంప్రెసర్ నెమ్మదిస్తుంది. మొదటి గంటలో బాగా లాగినా, తెల్లవారుజామున అందులో మూడో వంతుకు కూడా దిగిపోవచ్చు. పాత రకం ఏసీలో కంప్రెసర్ వేగం మారదు, కానీ మధ్యమధ్య ఆగుతూ మళ్లీ మొదలవుతూ ఉంటుంది. ఏ రకమైనా సరే, రాసి ఉన్న వాట్లను గంటలతో గుణిస్తే అసలు కంటే చాలా ఎక్కువ యూనిట్లు వస్తాయి.

ఏసీ మీది స్టిక్కర్ చెప్పేది

మనకు కావలసింది సగటు. అది ఏసీ మీద అతికించిన స్టార్ లేబుల్‌లోనే దొరుకుతుంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే ఆ లేబుల్ మీద నక్షత్రాలతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో ఒక అంకె ఉంటుంది. అందరి కళ్లూ నక్షత్రాల మీద పడతాయి, కానీ లెక్కకు పనికొచ్చేది ఆ అంకె. దాన్ని ఏడాదికి 1600 గంటల వాడకానికి కట్టారు. కాబట్టి ఆ అంకెను 1600తో భాగిస్తే గంటకు సగటున ఎన్ని యూనిట్లో తేలుతుంది.

ఒక మూడు నక్షత్రాల ఏసీ లేబుల్ మీద 960 యూనిట్లు ఉన్నాయనుకుందాం. 1600తో భాగిస్తే గంటకు 0.6 యూనిట్. అంటే 1500 వాట్లనుకున్న యంత్రం లేబుల్ లెక్కన సగటున 600 వాట్లే వాడుతోంది.

ఈ సగటుకూ ఒక హద్దు ఉంది. బయట 24 డిగ్రీల నుంచి 43 డిగ్రీల వరకు రకరకాల ఎండలను కలిపి దాన్ని కట్టారు. మే నెలలో పై అంతస్తులో, పగలంతా ఎండకు కాగిన శ్లాబు కింద పడుకునే వాళ్ల గదికి అది సరిపోదు. ఆ శ్లాబు అర్ధరాత్రి దాటేదాకా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది. అలాంటి గదికి లేబుల్ సగటు మీద మూడో వంతు కలుపుకోవడం మంచిది. 0.6 కాస్తా 0.8 అవుతుంది. ఇది అంచనాయే. నిజమో కాదో మీటరే చెబుతుంది, ఆ పద్ధతి చివర్లో చూద్దాం.

తర్వాత ధర: ఏసీ ఎప్పుడూ పై మెట్టు మీదే

ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, టీవీ ఏసీ ఉన్నా లేకున్నా నడుస్తాయి. చౌక శ్లాబులను ముందే అవి వాడేసుకుంటాయి. ఏసీ యూనిట్లు వాటి మీద పడతాయి కాబట్టి ఖరీదైన శ్లాబుల్లోకే వెళతాయి. అందుకే ఏసీ ఖర్చు తెలుసుకోవడానికి ఒక్కటే సరైన దారి ఉంది. ఏసీతో కలిపి బిల్లు ఎంతో కట్టాలి, ఏసీ లేకుండా ఎంతో కట్టాలి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి.

తెలంగాణ విషయంలో ఇంకొక మెలిక ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ వినియోగ ధరలు మూడు వర్గాలుగా ఉన్నాయి. నెల వాడకం ఏ వర్గంలో పడితే మొదటి యూనిట్ నుంచీ ఆ వర్గం ధరలే వర్తిస్తాయి.

- నెలకు 100 యూనిట్ల లోపు: మొదటి 50కి యూనిట్‌కు రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10
- 100 దాటి 200 వరకు: మొదటి 100కి రూ.3.40, తర్వాతి 100కి రూ.4.80
- 200 దాటితే: మొదటి 200కి రూ.5.10, 201 నుంచి 300 వరకు రూ.7.70, 301 నుంచి 400 వరకు రూ.9, 401 నుంచి 800 వరకు రూ.9.50, ఆపైన రూ.10

సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి 340, 480 కలిపి 820 రూపాయలు పడతాయి. 201 వాడిన ఇంటికి మొదటి 200 యూనిట్లే 1,020 రూపాయలవుతాయి. దాని మీద 7.70 కలిస్తే 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207.70 రూపాయలు. 201వ యూనిట్ తన ధరతో ఆగడం లేదు, కింద ఉన్న రెండు వందల యూనిట్ల ధరనూ మార్చేస్తోంది.

పేద కుటుంబాలకు ఈ గీత ఇంకా పదునైనది. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు ఉచితం. వాడకం 200 దాటిన నెలలో ఆ ఇల్లు మొత్తం బిల్లు కట్టాలి. అలాంటి ఇంట్లో ఏసీ ఉంటే లెక్క మొదలు కావలసింది ఈ గీత నుంచే.

ఒక ఇంటి మే నెల

హైదరాబాద్‌లో ఒక ఇల్లు తీసుకుందాం. ఏసీ లేకుండా నెలకు 150 యూనిట్లు కాలుతుంది. బిల్లు 100 యూనిట్లకు 340, తర్వాతి 50కి 240, కలిపి 580 రూపాయలు. స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం వేరుగా ఉంటాయి. లెక్క తేటగా ఉండాలని వాటిని పక్కన పెడదాం. ఏసీ వల్ల అవి పెరిగినా పెరిగేది కొద్ది మొత్తమే.

ఈ ఇంట్లో పైన చెప్పిన ఏసీ రాత్రికి 7 గంటలు నడుస్తుంది. గంటకు 0.8 చొప్పున రాత్రికి 5.6 యూనిట్లు, 30 రాత్రులకు 168. పాత 150తో కలిపితే 318 యూనిట్లు. ఇప్పుడు బిల్లు మూడో వర్గంలో పడుతుంది. 200 యూనిట్లకు 1,020, తర్వాతి వందకు 770, చివరి 18కి 162, మొత్తం 1,952 రూపాయలు. ఇందులోంచి 580 తీసేస్తే ఏసీ ఖర్చు 1,372 రూపాయలు. 168 యూనిట్లతో భాగిస్తే ఒక్కో ఏసీ యూనిట్‌కు దాదాపు 8.17 రూపాయలు పడింది.

ఇదే ఇంటివాళ్లు పాత బిల్లులోని పై శ్లాబు ధర 4.80తో గుణించి ఉంటే 806 రూపాయలే అనుకునేవారు. కొత్త బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు తీసినా 6.14 వస్తుంది, ఆ లెక్కన 1,031. రెండూ తక్కువే. ఫ్రిజ్‌కూ ఫ్యాన్‌కూ ధర పెరగడానికి కారణం కూడా ఏసీయే కాబట్టి, ఆ పెరుగుదలను ఏసీ ఖాతాలోనే రాయాలి.

ఇప్పుడు గంట తగ్గించి చూద్దాం. ఏడు గంటలకు బదులు ఆరు గంటలైతే ఏసీ 144 యూనిట్లు, ఇల్లు మొత్తం 294. బిల్లు 1,743.80. రాత్రికి ఒక గంట తగ్గిస్తే నెలకు 208 రూపాయలు మిగిలాయి. గంటలో ఏడో వంతు ఖర్చు తగ్గుతుందనుకుంటే 196 రావాలి, అంతకంటే ఎక్కువే తగ్గింది. పై శ్లాబులోంచి తీసేసిన యూనిట్లు కాబట్టి వాటికి విలువ ఎక్కువ. ఆ ఇంటికి తేలికైన దారి తెల్లవారుజామున ఏసీ ఆగేలా టైమర్ పెట్టుకోవడం. చల్లబడిన గోడలు, ఫ్యాన్ కలిసి ఆ గంటను నెట్టేస్తాయి. అయితే ఇన్వర్టర్ ఏసీ తెల్లవారుజామున తక్కువ లాగుతుంది కాబట్టి సగటు లెక్క చూపినంత మిగలకపోవచ్చు. బాగా లాగే మొదటి గంటను తగ్గించుకోగలిగితే లాభం ఎక్కువ. పడుకునే ముందు కిటికీలు తెరిచి గదిలోని వేడిగాలిని బయటకు పంపి, ఆ తర్వాతే ఏసీ వేయడం అందుకు మంచి పద్ధతి.

ఉష్ణోగ్రత సంగతీ ఇలాంటిదే. ఏసీలను 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారు చేయాలన్న నిబంధన దేశంలో 2020 జనవరి నుంచి ఉంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో చెబుతుంది. మన ఇంట్లో రెండు డిగ్రీలు పెంచితే దాదాపు 20 యూనిట్లు తగ్గి 298కి వస్తుంది. బిల్లు 1,774.60. నెలకు 177 రూపాయల ఆదా.

పావుగంట ఖరీదు 240 రూపాయలు

అదే ఇల్లు పొదుపుగా రాత్రికి రెండు గంటలే ఏసీ వేసిందనుకుందాం. నెలకు 48 యూనిట్లు, మొత్తం 198. బిల్లు 810.40. ఏసీ ఖర్చు 230 రూపాయలు. ఇప్పుడు ఆ రెండు గంటలను రెండుంపావు చేద్దాం. ఏసీ 54 యూనిట్లు, మొత్తం 204. బిల్లు 1,050.80. రాత్రికి పావుగంట పెరిగినందుకు నెలకు 240 రూపాయలు అదనం. రెండు గంటల చల్లదనానికి పెట్టిన ఖర్చు కంటే ఆ పావుగంట ఖర్చే ఎక్కువైంది.

అందువల్ల 200కి అటూ ఇటూ తిరిగే ఇళ్లకు ఒక పని తప్పనిసరి. మీటర్ రీడింగ్ తీసిన రోజున ఆ అంకెను కాగితం మీద రాసుకోవాలి. ఇరవై రోజుల తర్వాత మళ్లీ చూడాలి. అప్పటికి 140 యూనిట్లు కాలి ఉంటే రోజుకు 7 చొప్పున పోతోంది, నెల ముగిసేసరికి 210 అవుతుంది. మిగిలిన పది రోజుల్లో రోజుకు ఒక యూనిట్‌కు కొంచెం ఎక్కువ తగ్గించుకుంటే గీత దాటకుండా ఉండవచ్చు. అదే ఇరవై రోజులకే 180 దాటి ఉంటే ఆ నెల ఆ గీత కోసం ఉక్కపోతలో పడుకోవడంలో అర్థం లేదు, అప్పుడు ప్రతి యూనిట్ విలువ 7.70 మాత్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ గీత లేదు. అక్కడ 2022లో వర్గాలను తీసేసి అందరికీ ఒకే మెట్ల వరుస పెట్టారు. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఎంత వాడినా కింది మెట్ల ధర మారదు. మన ఇల్లు విజయవాడలో ఉంటే 198 నుంచి 204కి వెళ్లినందుకు 36 రూపాయలే పెరుగుతుంది. ఏడు గంటల ఏసీకి మాత్రం తేడా అంత పెద్దది కాదు. 150 యూనిట్లకు 567, 318కి 1,830.75, ఏసీ ఖర్చు 1,264 రూపాయలు. ఇంధన సర్దుబాటు ఛార్జీ పేరుతో యూనిట్‌కు కొన్ని పైసలు కలిసే నెలల్లో, బిల్లులో చూసి ఆ మొత్తాన్నీ ఏసీ యూనిట్లకు కలుపుకోవాలి.

చలికాలపు హీటర్‌కూ ఇదే కొలత

ఆదిలాబాద్ చలిలో హీటర్ వాడే ఇంటిని చూస్తే శ్లాబుల ప్రభావం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్యాన్లు ఆగిపోయే కాలం కాబట్టి ఆ ఇంటి వాడకం 90 యూనిట్లే అనుకుందాం. బిల్లు 221.50. వెయ్యి వాట్ల మీట మీద రోజుకు రెండు గంటలు హీటర్ వేస్తే నెలకు 60 యూనిట్లు కలిసి 150 అవుతుంది, బిల్లు 580. హీటర్ ఖర్చు 358.50. రెండు వేల వాట్ల మీట మీద అదే రెండు గంటలు వేస్తే 120 యూనిట్లు కలిసి 210. బిల్లు 1,097, హీటర్ ఖర్చు 875.50. కరెంటు రెట్టింపయితే ఖర్చు రెండున్నర రెట్లకు దగ్గరగా వెళ్లింది. చిన్న గదిలో తలుపు మూసుకుని వెయ్యి వాట్ల మీటతో సరిపెట్టుకోవడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

అంచనాను మీటర్‌తో సరిచూసుకోవడం

లేబుల్ అంకె కంపెనీ నుంచి బయటకు వచ్చిన కొత్త యంత్రానిది. మీ గదిలో, మీ ఎండలో, నాలుగేళ్లు నడిచిన మీ ఏసీ ఎంత వాడుతోందో ఇంటి మీటరే కొలిచి పెడుతుంది. మీటర్ తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి. తేదీ, సమయం, గరిష్ఠ లోడ్ అన్నీ వరుసగా వస్తాయి. వాటిలో kWh అని పక్కన కనిపించేదే మనకు కావలసిన రీడింగ్.

ఏసీ వేసిన రాత్రి పది గంటలకు ఒకసారి, ఉదయం అయిదు గంటలకు ఒకసారి దాన్ని రాసుకోండి. 7 యూనిట్లు తిరిగిందనుకుందాం. వాన పడి చల్లబడిన ఒక రాత్రి ఏసీ లేకుండా అదే సమయాల్లో చూడండి. 1.4 తిరిగితే అది ఫ్యాన్లది, ఫ్రిజ్‌ది. తేడా 5.6 యూనిట్లు ఏసీది, అంటే గంటకు 0.8. మీటర్ పూర్తి అంకెలే చూపిస్తే ఒక్క రాత్రితో తేలదు. అయిదారు రాత్రులు కలిపి చూసి భాగించాలి. ఆ రాత్రుల్లో గీజర్ గానీ, నీళ్ల మోటార్ గానీ వేయకూడదు. వేస్తే ఆ యూనిట్లు కూడా ఏసీ లెక్కలోకి వచ్చేస్తాయి.

ఇలా తేలిన గంట సగటును రాసి పెట్టుకుంటే ఏసీ ఆరోగ్యం కూడా తెలుస్తుంది. అలాంటి వేడి రాత్రే, అదే ఉష్ణోగ్రత దగ్గర గంటకు 0.8 ఉండాల్సింది 1.1 అయితే ఎక్కడో లోపం ఉంది. ముందు జాలీ కడగాలి, తర్వాత బయటి యూనిట్ వెనక దుమ్ము పట్టిందేమో, ఎదురుగా ఏదైనా అడ్డుపెట్టారేమో చూడాలి. అవన్నీ బాగున్నా గది చల్లబడటానికి గంటలు పడుతుంటే గ్యాస్ తగ్గిందని అనుమానించి మెకానిక్‌ను పిలవాలి.

మూడు నక్షత్రాలా, అయిదు నక్షత్రాలా?

కొనేటప్పుడు ఈ ప్రశ్నకు కూడా ఇదే పద్ధతి జవాబిస్తుంది. నక్షత్రాల ప్రమాణాలు కొన్నేళ్లకోసారి కఠినమవుతూ ఉంటాయి కాబట్టి, వేర్వేరు ఏళ్ల ఏసీలను నక్షత్రాలతో పోల్చకూడదు. ఏడాది యూనిట్ల అంకెతో పోల్చాలి. 960 యూనిట్ల ఏసీ పక్కన 750 యూనిట్ల ఏసీ ఉందనుకుందాం. మన హైదరాబాద్ ఇంట్లో 168 యూనిట్ల స్థానంలో 131 సరిపోతాయి. మొత్తం 281 యూనిట్లు, బిల్లు 1,643.70. నెలకు 308 రూపాయల ఆదా.

వేసవి నాలుగు నెలలకు అది సుమారు 1,230 రూపాయలు. రెండింటి ధరల్లో తేడా 8,000 అయితే తిరిగి రావడానికి ఆరున్నరేళ్లు పడుతుంది. రాత్రి మాత్రమే వాడే కుటుంబానికి అది మరీ గొప్ప బేరం కాదు. ముసలివాళ్లో పసిపిల్లలో ఉండి పగలు కూడా ఏసీ నడిచే ఇంటికైతే గంటలు రెట్టింపవుతాయి, యూనిట్లు తొమ్మిది రూపాయల పైశ్లాబుల్లోకి ఎక్కుతాయి. అక్కడ అదే 8,000 సగం కాలంలోపే తిరిగి వస్తుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు కిందటి మే నెల బిల్లును వెంట తీసుకెళ్లండి. మీ ఇల్లు ఏ శ్లాబులో ఉందో తెలిస్తేనే ఎన్ని నక్షత్రాలకు డబ్బు పెట్టడం లాభమో తేలుతుంది.